ఐసీయూ బయట మేనమామ చెప్పే మాట



నేను మత్తు డాక్టరుని. ఐసీయూలో వెంటిలేటర్ల పక్కనే నా ఉద్యోగమంతా గడిచింది. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషిని తీసుకుని బంధువులు అనంతపురమో బెంగళూరో చేరతారు. అక్కడ లోపల ఏం జరుగుతోందో డాక్టర్లు చెబుతారు. అయితే ఆ మాట తల్లి చెవిన పడేది డాక్టరు నోటి నుంచి కాదు. కుటుంబంలో కాస్త చదువుకున్నవాడో, ధైర్యంగా మాట్లాడేవాడో ఒకడుంటాడు. చాలాసార్లు అతను మేనమామే. అతను లోపలికి పోయి విని వస్తాడు. బయట మెట్ల మీద కూర్చున్న అక్కకు, కోడలికి తన మాటల్లో చెబుతాడు. ఈ రోజు నేను ముఖ్యంగా ఆ మేనమామతో మాట్లాడాలనుకుంటున్నాను. మెదడు మరణం సంభవించినప్పుడు, ఆ తర్వాత అవయవదానం మాట వచ్చినప్పుడు, ఏ మాట ఎప్పుడు చెప్పాలి, ఏది అనకూడదు అన్నది నా విషయం.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, నేను చూసిన చాలామందిని కలిపి చెబుతున్నాను. ధర్మవరంలో మగ్గం నేసే ఇరవై ఆరేళ్ల అబ్బాయి. భార్య, మూడేళ్ల పాప, తల్లి, అన్న ఉన్నారు. రాత్రిపూట పెనుకొండ దగ్గర నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బైకు పడిపోయింది. తలకు హెల్మెట్ లేదు. 108 వచ్చింది, దగ్గరి ఆసుపత్రిలో గొట్టం వేసి ఊపిరి నిలబెట్టారు, అక్కడి నుంచి బెంగళూరు పంపారు. మూడో రోజు ఉదయం డాక్టరు మేనమామను పిలిచి, "మెదడు పనిచేయడం లేదు, పరీక్షలు చేస్తున్నాం" అన్నాడు. మామ బయటికి వచ్చి అక్కతో ఏమన్నాడు? "బ్రెయిన్ డెడ్ అంటున్నారక్కా, గుండె మాత్రం బాగా కొట్టుకుంటాంది, దేవుడున్నాడు" అన్నాడు. తల్లికి వినబడింది ఒక్కటే, గుండె కొట్టుకుంటోందని. ఆమె దేవుళ్లకు మొక్కుకుంది. ఆ రోజు సాయంత్రం ఎవరో వచ్చి కిడ్నీల సంగతి ఎత్తితే ఆ తల్లికి ఎలా ఉంటుంది? బతికున్న కొడుకును కోసుకుంటామని అడిగినట్టే ఉంటుంది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. ఆమెకు చేరిన మాటే తప్పు.

కాబట్టి మొదట మామకు విషయం స్పష్టంగా తెలియాలి. తలకు దెబ్బ తగిలాక మెదడు వాస్తుంది. పుర్రె గట్టి ఎముక, అది సాగదు. లోపల ఒత్తిడి పెరిగి పెరిగి, ఒక దశలో రక్తపోటును మించిపోతుంది. అప్పుడు మెదడులోకి రక్తం వెళ్లడమే ఆగిపోతుంది. కొన్ని నిమిషాలకే మెదడు కణాలు చచ్చిపోతాయి. మెదడు అడుగున ఉండే కాండం, అంటే ఊపిరి తీయించే భాగం కూడా చచ్చిపోయాక, మనిషి ఇక తనంతట తాను ఊపిరి పీల్చలేడు. వెంటిలేటరు గాలి పంపుతున్నందువల్ల ఆక్సిజన్ అందుతుంది. గుండెకు తన కొట్టుకోవడాన్ని తానే మొదలుపెట్టుకునే కణాలు ఉన్నాయి, మెదడు చెప్పనక్కర్లేదు. ఆక్సిజన్ అందినంతసేపూ అది కొట్టుకుంటుంది. అందుకే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, మొహం నిద్రపోతున్నట్టు ఉంటుంది. కోమా వేరు. కోమాలో ఉన్నవాడి మెదడుకు రక్తం అందుతుంటుంది, కొందరు లేస్తారు. మెదడు మరణం తర్వాత లేచినవాళ్లు లేరు.

అది ఎలా తేలుస్తారో కూడా మామ అడిగి తెలుసుకోవచ్చు. మత్తు మందుల ప్రభావం లేదని, ఒళ్లు చల్లబడిపోలేదని, స్పృహ పోవడానికి కారణం తెలిసిందని ముందు చూసుకుంటారు. ఆ తర్వాత కంట్లో లైటు వేస్తారు, కంటిపాప కదలదు. నల్లగుడ్డును దూదితో తాకుతారు, రెప్ప పడదు. చెవిలో చల్లని నీళ్లు పోస్తారు, కళ్లు కదలవు. గొంతులో గొట్టంతో కదిలిస్తారు, దగ్గు రాదు. చివరగా వెంటిలేటరును ఆపి, ఆక్సిజన్ మాత్రం గొట్టంలోంచి పంపుతూ, ఎనిమిది పది నిమిషాలు రొమ్మును గమనిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడు బాగా పెరిగినా ఒక్క శ్వాసైనా రాకపోతే అప్పుడు తేలుతుంది. దీన్ని ఆప్నియా పరీక్ష అంటాం. ఇదంతా కనీసం ఆరు గంటల ఎడంతో రెండోసారి మళ్లీ చేస్తారు. చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి, వాళ్లలో ఎవరూ అవయవాలు తీసే బృందంలో ఉండకూడదు. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టంతో ఈ మరణానికి గుర్తింపు వచ్చింది.

ఒక్క హెచ్చరిక. పరీక్ష చేసేటప్పుడో తర్వాతో చెయ్యి కదలొచ్చు, వేలు వణకొచ్చు. వెన్నుపాములో మిగిలిన ప్రతిచర్య అది. మెదడు నుంచి వచ్చింది కాదు. ముందుగా చెప్పకపోతే, అది చూసిన అన్న పరిగెత్తుకొచ్చి "తమ్ముడు కదిలినాడు" అంటాడు. ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా వినడు. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒకరు ఆప్నియా పరీక్షను కళ్లారా చూస్తామంటే కొన్ని ఆసుపత్రుల్లో ఒప్పుకుంటారు. అడిగి చూడండి. ఊపిరి రాని ఆ నిమిషాలను చూసినవాళ్లకు ఇంకెవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

మన పత్రికల్లో ఇలాంటి మనిషిని జీవన్మృతుడు అని రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. బతుకు, చావు రెండూ కలిసిన స్థితి ఏదో ఉందని అది నమ్మిస్తుంది. మెదడు మరణం అలాంటిది కాదు, అది మరణమే.

2021 జూన్‌లో బెంగళూరులో జరిగింది చాలామందికి గుర్తుంటుంది. జాతీయ పురస్కారం పొందిన కన్నడ నటుడు సంచారి విజయ్ బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరాడు. 14వ తేదీన ఆయన చనిపోయాడని చాలామంది ప్రముఖులు సంతాపాలు రాశారు. ఆసుపత్రి మాత్రం ఆయన ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నాడని, మెదడు కాండం పనితీరు పోయిందని చెప్పింది. మరుసటి రోజు తెల్లవారుజామున మరణించినట్టు ప్రకటించారు. కుటుంబం అవయవాలు ఇచ్చింది. ఆ ఒక్క రోజంతా ఊరికి ఏది నిజమో తెలియలేదు. పేరున్న మనిషి విషయంలోనే ఇంత గందరగోళం ఉంటే, ధర్మవరం నుంచి వచ్చి తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలగాపులగంగా వినే కుటుంబానికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

సరే, మామ ఏం చెప్పాలి? రెండో పరీక్ష అయ్యి, డాక్టర్లు సంతకాలు పెట్టాక, తల్లిని, భార్యను కూర్చోబెట్టండి. వరండాలో నిలబెట్టి కాదు, లిఫ్టు దగ్గర కాదు. ఒక గది అడగండి, ఇస్తారు. నీళ్లు తెప్పించండి. చుట్టూ పది మంది ఊరివాళ్లు వద్దు, తల్లి, భార్య, అన్న, మీరు చాలు. మాట నెమ్మదిగా, చిన్నగా ఉండాలి.

"అక్కా, మనోడు చనిపోయినాడు. తలలో దెబ్బకు మెదడు మొత్తం చచ్చిపోయింది. డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి చూసినారు. ఊపిరి తనంతట తీసుకోవడం లేదు. రొమ్ము ఎగిసి పడతాండేది మిషనుతో."

అంతే. చనిపోయినాడు అన్న మాటను వదిలేయొద్దు. "పరిస్థితి బాగాలేదు", "ఆశ లేదు", "దేవుడి చేతుల్లో ఉంది" అంటే బతికే ఉన్నాడని అర్థమవుతుంది. ఇంకా ప్రమాదం "మిషను తీసేస్తే పోతాడు" అనడం. తీసేసేవాళ్లే చంపినవాళ్లవుతారు కదా ఆ లెక్కన. "మిషను మీద బతికించి పెట్టినారు" అనొద్దు. ఆసుపత్రి సిబ్బంది కూడా ఈ పొరపాటు చేస్తారు, లైఫ్ సపోర్ట్ అంటారు. మీకు వినిపిస్తే ఆపి అడగండి. "సార్, చనిపోయినాడా, లేదా? ఒక్క మాటలో చెప్పండి." అడిగే హక్కు మీకుంది.

తల్లి అడుగుతుంది, "ఒళ్లు వెచ్చగానే ఉంది కద సార్, చచ్చిపోయినాడంటే ఎట్ల నమ్మేది?" ఇది డాక్టరును అడిగే ప్రశ్న, మామ జవాబు చెప్పనక్కర్లేదు. చెప్పడానికి డాక్టరును పిలవండి, ఆయన ఇంత చెబితే చాలు. "మీకు వెచ్చగా తగలడం నిజమేనమ్మా. మిషను పంపే గాలితో గుండె ఇంకా కొట్టుకుంటాంది, అందుకే. మెదడు మాత్రం లేదు, తిరిగి రాదు." ఇంతకంటే ఎక్కువ చెప్పబోతే ఆమె వినలేదు. ఏడ్చేదాకా ఆగాలి. ఏడుపు ఆగేదాకా కూడా ఆగాలి.

ఇక్కడ, ఇదే నా మాటకు ప్రాణం, ఒక ఖాళీ ఉండాలి. మరణం చెప్పడానికి, దానం మాట ఎత్తడానికి మధ్య ఖాళీ. ఎంతసేపని కొలత లేదు. కొందరికి అరగంట, కొందరికి అయిదారు గంటలు. అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న మారినప్పుడు తెలుస్తుంది. "ఎప్పుడు లేస్తాడు?" అని అడిగినంతసేపూ ఆ ఖాళీ దాటలేదు. "ఇంటికెట్లా తీసుకుపోయేది? దినం ఎప్పుడు చేయాలి?" అని అడిగినప్పుడు దాటింది. స్పెయిన్‌లో 1989 నుంచి అవయవదానానికి జాతీయ సంస్థ పనిచేస్తోంది, అక్కడ ఈ సంభాషణకే ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన కోఆర్డినేటర్లు, చాలామంది ఐసీయూ డాక్టర్లే, ఉంటారు. అవయవదానంలో ప్రపంచంలోనే ముందంజలో ఉన్న దేశం అది. వాళ్లు ముందు నేర్చుకునేది ఈ ఎడం పాటించడమే.

దానం మాట ఎత్తేది మామ కాదు. వైద్యం చేసిన డాక్టరూ కాదు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరు అని వేరే మనిషి ఉంటారు. కర్ణాటకలో జీవసార్థకతె అనే సంస్థ, మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే సంస్థ ఈ పనిని నడిపిస్తాయి. బెంగళూరులో చనిపోతే జీవసార్థకతె నియమాలే వర్తిస్తాయి, ఇంటి చిరునామా ఏదైనా. కోఆర్డినేటరు కన్నడంలో మొదలుపెడితే, హిందూపురం వాళ్లకు సరే, ధర్మవరం తల్లికి తెలుగు కావాలి. "తెలుగులో చెప్పేవాళ్లను పిలవండి" అని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఆ కోఆర్డినేటరు మాట ఇలా ఉంటే మంచిది.

"అమ్మా, మీ అబ్బాయి పోయినందుకు చాలా బాధగా ఉంది. ఒక విషయం అడగాలి. మీరు సరేనన్నా, వద్దన్నా మాకు ఒక్కటే. మీ అబ్బాయి అవయవాలు వేరేవాళ్లకు పనికొచ్చే అవకాశం ఉంది. ఆయన ఎప్పుడైనా దీని గురించి ఏమన్నా అన్నారా? ఆయనైతే ఏమనేవారు?"

చివరి ప్రశ్న గమనించండి. "మీరు ఇస్తారా?" అని అడిగితే భారమంతా ఆ తల్లి మీద పడుతుంది. "ఆయన ఏమనేవారు?" అంటే ఆ అబ్బాయిని గుర్తుచేసుకుని మాట్లాడతారు. రక్తదానం చేసేవాడనీ, ఎవరికైనా కష్టమొస్తే పరిగెత్తేవాడనీ చెబుతారు. లేదా వాడికి ఇట్లాంటివి నచ్చవని చెబుతారు. రెండూ సరైన జవాబులే.

మీ అబ్బాయి ఎనిమిది మందిలో బతుకుతాడు అనే నినాదం వాడొద్దని నా మనవి. మంచి మనసుతోనే అంటారు. కానీ అన్ని అవయవాలూ పనికిరావు, కొన్ని తీశాక కూడా వాడలేరు. గుండెను నాలుగు నుంచి ఆరు గంటల్లోపు అమర్చాలి. అన్నీ సర్దుబాటు కాకపోవచ్చు. మాట ఇచ్చి, తర్వాత ఒక కిడ్నీ పనికిరాలేదని తెలిస్తే, తల్లికి రెండోసారి కొడుకు పోయినట్టే ఉంటుంది. తీసుకున్నవాళ్ల పేర్లు కూడా చెప్పరు, అది గోప్యం. "మేము పోయి ఆ గుండె చప్పుడు వింటాం" అన్న ఆశ పెట్టొద్దు.

ఇక భార్య. మన ఇళ్లల్లో ఇలాంటప్పుడు కోడలు మూలన కూర్చుంటుంది, పెద్దలు నిర్ణయిస్తారు. చట్టంలో దగ్గరి బంధువులంటే భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, అవ్వలు, మనవలు. ఆ వరుసలో భార్య ముందుంది. ఎవరో ఒకరు సంతకం పెట్టినా, వాళ్లలో మరొకరికి అభ్యంతరం ఉందని తెలిస్తే ముందుకు వెళ్లకూడదు. చట్టం అలా ఉంది, మనసు ఇంకా గట్టిగా చెబుతుంది. మామ ఆమెను పక్కకు పిలిచి, "అమ్మా, మేమంతా ఏమన్నా అననీ, నువ్వేమంటావు?" అని అడగాలి. ఆమె వద్దంటే మిగతా ఇంటివాళ్లంతా సరేనన్నా అది వద్దనే. ఆమె సరేనన్నప్పుడు తల్లి వద్దంటే, తల్లి మాటను తొక్కేయొద్దు. కొన్నిసార్లు ఒక రాత్రి ఆగితే ఇద్దరూ ఒకే మాటకు వస్తారు. కొన్నిసార్లు రారు.

భయాలు బయటికి రానివ్వాలి. "కళ్లు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడంట" అని ఒక పెద్దావిడ అంటుంది. వాదించకండి. "మీకు ఆ భయముంటే కళ్లు వద్దని రాసేయొచ్చు" అంటే చాలు. ఫలానా తీసుకోండి, ఫలానా వద్దు అని కుటుంబం చెప్పొచ్చు, సంతకం చేసే కాగితంలో విడివిడిగా రాయొచ్చు. ముస్లిం కుటుంబాలు పెనుకొండ, హిందూపురంలో ఎక్కువ. వాళ్లకు ఖననం త్వరగా జరగాలన్న ఆత్రం ఉంటుంది. కోఆర్డినేటరు "ఎంత ఆలస్యమవుతుంది" అన్నది ముందే నిజాయితీగా చెప్పాలి, మసీదు పెద్దను అడగడానికి సమయం ఇవ్వాలి.

"డబ్బులు తీసుకుంటారా, డబ్బులిస్తారా?" అన్న అనుమానం మామకే వస్తుంది. సూటిగా అడగనీయండి. అవయవానికి డబ్బు తీసుకోవడం నేరం. ఒప్పుకున్న తర్వాత శరీరాన్ని నిలిపే ఖర్చు, ఆపరేషన్ ఖర్చు కుటుంబం మీద పడకూడదని నిబంధనల్లో ఉంది. అంతకుముందు జరిగిన వైద్యం బిల్లు మాత్రం వేరే లెక్క. ఈ రెండింటినీ ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడే ఆసుపత్రి ఉంటే, దానం మాట అక్కడే ఆపమనండి. "బిల్లు తగ్గిస్తాం, ఆలోచించండి" అన్న మాట వినిపిస్తే అది బేరం.

రోడ్డు ప్రమాదం కాబట్టి పోలీసు కేసు ఉంటుంది, పోస్టుమార్టం తప్పదు. అవయవదానానికి పోలీసు అనుమతి కూడా కలిపి తీసుకుంటారు. "ఎలాగూ పోస్టుమార్టంలో కోస్తారు కదా" అని ఎవరైనా ఒప్పించబోతే అడ్డుకోండి. తల్లి ఆ దృశ్యాన్ని జీవితాంతం మోస్తుంది. దానికి బదులు ఇలా చెప్పండి. "ఆపరేషన్ థియేటర్లో, అందరు రోగులకూ చేసినట్టే చేస్తారు. తర్వాత కుట్లు వేసి, శుభ్రంగా తుడిచి ఇస్తారు. మొహానికి ఏమీ కాదు. బట్టలు కప్పితే పైకి ఏమీ కనబడదు." అన్నం మానేసిన ఆ తల్లి దీన్ని మూడుసార్లు అడగొచ్చు. మూడుసార్లు చెప్పండి. మొత్తం ఎంత సమయం పడుతుందో కూడా ముందే అడగండి. రెండు పరీక్షల మధ్య ఆరు గంటలు, ఆ తర్వాత అవయవాలు ఎవరికో చూసి, డాక్టర్లు వచ్చి, ఆపరేషన్ ముగిసేసరికి ఒక పూట నుంచి ఒక రోజు దాకా అవుతుంది. ఊళ్లో ఎదురుచూసేవాళ్లకు ఫోను చేసి చెప్పేది మామే కదా.

వద్దంటే? "సరేనమ్మా, ఆ మాట అంతటితో అయిపోయింది" అనాలి. ఎందుకు అని అడగకూడదు. రెండోసారి, వేరే మనిషిని పంపకూడదు. వద్దన్నందువల్ల ఆ శరీరానికి జరిగే గౌరవం తగ్గకూడదు. ఒక సంగతి మాత్రం తెలిసి ఉండాలి. మన దగ్గర మెదడు మరణం గురించిన చట్టం అవయవ మార్పిడి చట్టంలోనే ఉంది. దానం లేనప్పుడు వెంటిలేటరును ఎప్పుడు ఆపాలన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది. "మా అబ్బాయిని ఎప్పుడు ఇస్తారు?" అని సూటిగా అడిగి తెలుసుకోండి. అలాగే ఉంచినా చాలామందిలో కొద్ది రోజుల్లోనే గుండె ఆగిపోతుంది.

ఈ మాటలన్నీ ఐసీయూ బయట నేర్చుకోవడం కష్టం. ఇంట్లో ముందే జరిగితే తేలిక. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో అవయవదానం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. పిల్లాడు ఆ కాగితం నింపుతున్నప్పుడు, అశుభం అనకుండా, "నువ్వేం రాసినావప్పా? ఎందుకు?" అని అడగండి. అతని జవాబు విని, మీ జవాబు కూడా చెప్పండి. ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకున్నా, చివరికి సంతకం అడిగేది ఇంట్లోవాళ్లనే. కార్డు జేబులో ఉంటే సరిపోదు. ఆ మాట ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. మన అబ్బాయి బైకు మీద వెళ్లేముందు అన్నతో, "నాకేమన్నా అయితే నా కళ్లూ కిడ్నీలూ ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడనుకోండి. మూడో రోజు ఆ గదిలో అన్న ఈ మాట చెబుతాడు. తల్లి ఏడుస్తుంది, కోడలు తలాడిస్తుంది. మామ కాగితం తీసుకుని, ఒక్కో అవయవం పేరు ముందు ఆగి, చదివి వినిపించి, సంతకం పెట్టిస్తాడు.